దుకాణం ఖాళీ చేయమన్న నోటీసు ఏం అడుగుతోంది

తమ్ముడూ,

నువ్వు ఫోన్లో పంపిన నోటీసు ఫోటోలు నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు వకీలు దగ్గర గుమాస్తాగా ఇలాంటి కాగితాలు టైపు చేయించి, కవర్లలో పెట్టి, పోస్టాఫీసు లైన్లో నిలబడి పంపినవాణ్ణి. అందులో ఉన్న మాటలు నాకు అలవాటే. నీకు మాత్రం "ఇందుమూలముగా" అన్న మొదటి ముక్కకే గుండె దడదడలాడి ఉంటుంది. అందుకే ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను. రాసింది ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు కదా.

ముందు ఒక్క సంగతి. ఇది కోర్టు ఇచ్చిన ఆర్డరు కాదు. ఓనరు తన వకీలు చేత రాయించిన ఉత్తరం. గడువు తీరిన మర్నాడు ఎవరో వచ్చి నీ సామాను రోడ్డు మీద పడేయడానికి ఇది అధికారం ఇవ్వదు. నువ్వు ఖాళీ చేయకపోతే ఓనరు కోర్టులో దావా వేయాలి, నీకు సమన్లు రావాలి, నీ జవాబు వినాలి, ఆ తర్వాతే తీర్పు. అలాగని దీన్ని గల్లాపెట్టె కింద పడేయకూడదు. రేపు దావా పడితే దానికి పునాది ఈ కాగితమే.

ఇక నోటీసులో అడిగింది చూద్దాం. మూడు పేజీలున్నా అందులో ఉన్న కోరికలు మూడే.

మొదటిది రెండో పేజీ మధ్యలో ఉంది: "తమ కిరాయిదారీ హక్కును ఇందుమూలముగా రద్దు చేయడమైనది." అంటే నీకూ ఓనరుకూ మధ్య ఉన్న అద్దె ఒప్పందం ఇంతటితో ముగిసిందని చెబుతున్నారు. అసలు బరువంతా ఈ వాక్యం మీదే ఉంది. ఒప్పందం ముగియకుండా ఖాళీ చేయమనడానికి వీల్లేదు కాబట్టి ముందుగా దాన్ని ముగిస్తారు.

ఇక్కడే నువ్వు అన్నావు, "అన్నయ్యా, నా అగ్రిమెంటు ఐదేళ్లకి రాసుకున్నాం, ఇంకా మూడేళ్లుంది" అని. ఆ అగ్రిమెంటు ఫోటో కూడా చూశాను. వంద రూపాయల స్టాంపు కాగితం, కింద నోటరీ ముద్ర. రిజిస్ట్రేషన్ లేదు. నోటరీ చేయిస్తే రిజిస్టర్ చేయించినట్టే అని చాలామంది వ్యాపారస్తులు నమ్ముతారు, అది వట్టిది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తేనే చెల్లుతుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతోంది. అందుకే చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. నీలా ఐదేళ్లకు రాసి రిజిస్టర్ చేయించకపోతే, కోర్టు ఆ ఐదేళ్ల మాటను పక్కనపెట్టి నిన్ను నెలనెలా అద్దెదారుగానే చూస్తుంది. ఇలా చెబుతుంటే నాకే బాధగా ఉంది. కానీ ఆ మూడేళ్ల మీద ఆశ పెట్టుకుని జవాబు రాస్తే నీ కేసు మొత్తం దాని మీదే కూలుతుంది.

రెండోది మూడో పేజీలో: "ఈ నోటీసు తేదీ నుండి 15 రోజులలోగా సదరు షాపును ఖాళీ చేసి, స్వాధీనము అప్పగించవలెను." స్వాధీనం అప్పగించడమంటే నీ సామాను తీసేసి, తాళం చెవి ఓనరు చేతికి ఇవ్వడం. సామాను లోపలే ఉంచి తాళం ఇచ్చినా, సామాను తీసేసి తాళం నీ దగ్గరే పెట్టుకున్నా అప్పగించినట్టు కాదు.

ఆ 15 రోజులు ఎలా లెక్కపెట్టాలో జాగ్రత్తగా చూడు. నెలనెలా అద్దెకు ఇచ్చిన దుకాణం ఒప్పందాన్ని రద్దు చేయాలంటే 15 రోజుల గడువు ఇవ్వాలని అదే చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. నోటీసు మీద తేదీ జూన్ 2. నీకు పోస్టు అందింది జూన్ 5న. వాళ్లు తమ తేదీ నుంచి లెక్కగట్టి జూన్ 17 అంటున్నారు. చట్టం మాత్రం నీ చేతికి అందిన రోజు నుంచి లెక్కిస్తుంది. అందిన రోజు వదిలేస్తే నీ గడువు జూన్ 20. మూడు రోజులు తక్కువ ఇచ్చారు కాబట్టి నోటీసు చెల్లకుండా పోతుందని ఎవరైనా నీకు ధైర్యం చెబితే నమ్మకు. 2002లో ఈ సెక్షన్ మార్చారు. ఓనరు తొందరపడకుండా జూన్ 20 దాటాక దావా వేస్తే, తక్కువ రోజులు రాశారన్న ఒక్క కారణంతో నోటీసు చెడదు. నోటీసు గడువు అద్దె నెల ఆఖరుతోనే ముగియాలనేది కూడా ఆ మార్పుకు ముందు మాట. పాత వకీళ్లు కొందరు ఇప్పటికీ అలవాటుగా అంటుంటారు.

కాబట్టి ఆ కవరు పారేయకు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు వచ్చిన ప్రతి కవరు వెనక పెన్సిలుతో "ఫలానా తేదీ, ఫలానా వేళ అందింది" అని రాసి, నోటీసుకు వెనకాల గుండుసూదితో గుచ్చేవాణ్ణి. పోస్టల్ ముద్ర ఉన్న వైపు పైకి వచ్చేలా పెట్టేవాణ్ణి. నువ్వూ అలాగే చెయ్యి.

ఒక దర్జీ సంగతి చెప్పాలి. ఇలాంటి నోటీసే వస్తే పోస్టుమాన్ దగ్గర కవరు తీసుకోకుండా వెనక్కి పంపించేశాడు. తీసుకోకపోతే అందనట్టే అనుకున్నాడు. "తీసుకోవడానికి నిరాకరించారు" అని పోస్టుమాన్ రాసిన కవరు తిరిగి మా ఆఫీసుకే వచ్చింది. సరైన అడ్రసుకు పంపిన పోస్టును కావాలని తిప్పి పంపితే, అందినట్టే లెక్క. పాపం ఆ దర్జీకి లోపల ఏముందో తెలియకుండానే పదిహేను రోజులూ గడిచిపోయాయి, జవాబిచ్చే అవకాశం పోయింది. నువ్వు సంతకం పెట్టి తీసుకున్నావు, మంచి పని చేశావు.

మూడో కోరిక డబ్బు. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలపకు. ఒకటి పాత బాకీ: ఏప్రిల్, మే నెలలకు నెలకు 12,000 చొప్పున 24,000. రెండోది గడువు తర్వాత కూడా నువ్వు ఉంటే రోజుకు 1,000 చొప్పున "నష్టపరిహారం". ఈ రోజుకు వెయ్యి ఓనరు వేసుకున్న అంకె మాత్రమే. నీ అద్దె రోజుకు 400 పడుతుంది. ఒప్పందం ముగిశాక ఉన్న రోజులకు ఎంత ఇవ్వాలో, చుట్టుపక్కల అలాంటి దుకాణానికి ఎంత అద్దె వస్తుందో ఆధారాలు చూసి కోర్టు తేలుస్తుంది. అది 400 కంటే ఎక్కువే తేలవచ్చు. అందుకని ఈ అంకెను చూసి కంగారుపడకు, గాలి మాటని కొట్టిపారేయకు.

పాత బాకీ సంగతికి వస్తే, మే అద్దె ఫోన్లో పంపానన్నావు. ఆ లావాదేవీ వివరం ప్రింటు తీయించు. ఏప్రిల్‌ది షట్టరు బాగుచేయించినందుకు మినహాయించుకోమని ఓనరు నోటిమాటగా అన్నాడని చెప్పావు. ఏ కాగితం మీదా లేదు. నా మాట విని ఏప్రిల్ 12,000 ఇప్పుడే ఆయన బ్యాంకు ఖాతాకు పంపేయ్. షట్టరు డబ్బు సంగతి జవాబులో విడిగా రాసి, బిల్లు కాపీ జతచెయ్యి. బాకీదారు అన్న మాట నీ మీద పడకుండా ఉండటం ఇప్పుడు ఆ షట్టరు డబ్బు కంటే ముఖ్యం. అడ్వాన్సు ఆయన దగ్గరే ఉంది కదా, అందులో తెగ్గోసుకుంటాడులే అని అద్దె ఆపేయడం నేను చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది. అడ్వాన్సు తాళం ఇచ్చేరోజు లెక్క.

జూన్ నుంచి కూడా నెలనెలా అద్దె పంపుతూనే ఉండు, నగదుగా కాకుండా ఖాతాకే. ఆయన తీసుకున్నంత మాత్రాన నోటీసు రద్దయిపోయిందని అనుకోకు. ఒప్పందం కొనసాగించాలనే ఉద్దేశం ఆయన చేతల్లో కనిపిస్తేనే నోటీసు వదులుకున్నట్టు. చాలా నోటీసుల్లో "అద్దె స్వీకరించినా మా హక్కులకు భంగం లేదు" అని ముందే రాస్తారు. నీ దాంట్లో ఆఖరి పేరాలో ఉంది చూడు.

జవాబు జూన్ 20 లోపు పోవాలి. మీ ఊళ్లో దావాలు చూసే వకీలు చేత రాయించు. ఆయన్ని మొదట అడగాల్సింది, నీ భవనానికి అద్దె నియంత్రణ చట్టం వర్తిస్తుందా అని. అది రాష్ట్రాన్ని బట్టి, భవనం వయసును బట్టి, అద్దె మొత్తాన్ని బట్టి ఉంటుంది. వర్తిస్తే ఓనరుకు 15 రోజుల నోటీసు ఒక్కటే చాలదు, బాకీ పడ్డాడనో, సొంతానికి కావాలనో చట్టంలో చెప్పిన కారణం చూపించాలి. జవాబులో నోటీసు అందిన తేదీ, మే అద్దె ఆధారం, ఏప్రిల్ చెల్లింపు, షట్టరు బిల్లు, అడ్వాన్సు ఎంత ఉందో రాయించు. కోపంగా ఒక్క మాట కూడా వద్దు. ముఖ్యంగా "ఓనరు నువ్వు కాదు" లాంటి మాట పొరపాటున కూడా రాయించకు. ఓనరు హక్కును కాదనడమే ఖాళీ చేయించడానికి ఒక కారణమవుతుంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో.

నిజంగా వేరే చోటు చూసుకోవాలనే ఉంటే, దాన్ని దాచిపెట్టకు. మూడు నెలల టైము, అప్పటిదాకా ఇదే అద్దె, ఖాళీ చేసే రోజున అడ్వాన్సు వాపసు అని జవాబులోనే అడుగు. చాలామంది ఓనర్లు కోర్టుకు వెళ్లడం కంటే దీనికే ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. నువ్వు బిగించుకున్న ర్యాకులు, ఫ్యాన్లు గోడకు దెబ్బ తగలకుండా తాళం ఇవ్వకముందే విప్పుకోవచ్చు. ఇచ్చాక అడిగితే గొడవే. తాళం ఇచ్చేటప్పుడు తేదీతో రసీదు రాయించుకో, కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకో.

ఈ లోపల ఎవరైనా రాత్రికి రాత్రి నీ షట్టరుకు వేరే తాళం వేస్తే, వాళ్లతో కొట్లాడకు. ఫోటో తీసి పోలీసు స్టేషన్లో ఫిర్యాదిచ్చి, అదే రోజు వకీలు దగ్గరికి వెళ్లు. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా బయటికి పంపినవాడికి, ఆరు నెలల లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకునే హక్కు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఉంది.

సోమవారం వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు నోటీసు, కవరు, అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంటు, షట్టరు బిల్లు ఐదూ ఒకే సంచిలో పెట్టుకెళ్లు. జవాబు డ్రాఫ్టు తయారయ్యాక పోస్టు చేయకముందు నాకు ఒకసారి పంపు, తేదీలు నేను సరిచూస్తాను.

నీ అన్నయ్య