నొప్పి లేని బిళ్లకు ఆ తెల్ల మాత్రలు ఇక వేసుకోకండి

ప్రశ్న: నా వయసు 34. మెడకు ఎడమ పక్కన రెండు నెలలుగా ఉసిరికాయంత బిళ్ల ఉంది. నొప్పి లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్, చిన్న తెల్ల మాత్రలు వాడితే తగ్గింది, ఆపాక మళ్లీ పెరిగింది. రక్త పరీక్ష నార్మల్. రక్తం చెడిపోవడం వల్ల ఇలా అవుతుందా? రక్తశుద్ధికి టానిక్ ఏదైనా చెప్పండి. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ చిన్న తెల్ల మాత్రల స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవండి. ప్రెడ్నిసొలోన్ అనో డెక్సామెథసోన్ అనో రాసి ఉంటే అవి స్టెరాయిడ్లు. నన్ను కంగారు పెడుతున్నది అదే.

మీ రక్తం చెడిపోలేదు. సన్నటి రక్తనాళాల నుంచి రోజంతా నీరు కణజాలంలోకి ఊరుతూ ఉంటుంది. అలా ఊరిన కొన్ని లీటర్లను వేరే సన్నని గొట్టాలు పీల్చుకుంటాయి. అదే లింఫు, మన పుస్తకాల్లో శోషరసం. దీనికి గుండెలాంటి పంపు లేదు, గొట్టాలు తామే ముడుచుకుంటూ, మనం నడిచినప్పుడు కండరాలు నొక్కుతూ మెల్లగా పైకి తోస్తాయి. చివరికి మెడ కింద పెద్ద సిరల్లో కలిసి మళ్లీ రక్తమైపోతుంది. ఆ దారిలో ఉండే చెక్‌పోస్టులే లింఫు గ్రంథులు, మనం బిళ్లలు అనేవి. దారిలో కొట్టుకొచ్చే క్రిములు రక్తంలో కలవకముందే అక్కడి లింఫోసైట్ కణాలు వాటిని పట్టుకుంటాయి.

కాలి గోరు చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, ఎందుకంటే క్రిమి అక్కడికి చేరగానే గ్రంథికి రక్తం ఎక్కువగా వస్తుంది, లోపలి లింఫోసైట్లు కొంతకాలం బయటికి పోకుండా అక్కడే ఉండి వేగంగా రెట్టింపవుతాయి. గంటల్లో, రోజుల్లో ఉబ్బడం వల్ల పైపొర సాగి నొప్పి పుడుతుంది. గోరు మానితే రెండు మూడు వారాల్లో చాలావరకు దిగిపోతుంది. లింఫోమాలో, అంటే లింఫోసైట్ల క్యాన్సర్‌లో అయితే బయట శత్రువు ఎవరూ ఉండరు. ఒక్క లింఫోసైట్ దారి తప్పి ఆగకుండా తనలాంటివే పుట్టిస్తుంది, గ్రంథి నెమ్మదిగా నిండుతుంది కాబట్టి సాధారణంగా నొప్పి ఉండదు, తాకితే రబ్బరులా ఉంటుంది. నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండకండి, మీ విషయంలో నాకు నచ్చని మాట అదే. కణాలు గ్రంథిలోనే ఉన్నంతకాలం రక్త పరీక్ష నార్మల్‌గానే రావచ్చు, కాబట్టి ఆ రిపోర్టుతో లింఫోమా లేదని చెప్పలేం.

మీకు లింఫోమానే అని నేను అనడం లేదు, చూడకుండా ఎవరూ అనకూడదు. మన దగ్గర మెడ బిళ్లలకు టీబీ కూడా చాలా మామూలు కారణం. కానీ స్టెరాయిడ్ ఈ రెండింటిలోనూ చెడే చేస్తుంది. లింఫోసైట్లను స్టెరాయిడ్ చంపుతుంది, అందుకే లింఫోమా బిళ్ల కూడా మంచు కరిగినట్టు కరిగి, ఆపగానే తిరిగి వస్తుంది. మీరు రాసింది సరిగ్గా అలాగే ఉంది. టీబీ అయితే అది ఇంకా చెలరేగుతుంది. నా దగ్గరికి ఒకాయన ఇలాగే మూడు కోర్సులు వాడి వచ్చారు. బయాప్సీ చేస్తే చచ్చిన కణాలు తప్ప ఏమీ కనబడలేదు, మందు ఆపి, బిళ్ల మళ్లీ పెరిగేదాకా ఆగి, రెండోసారి కోయాల్సి వచ్చింది. అప్పటికి నాలుగు నెలలు పోయాయి. మందుల షాపు అబ్బాయి మంచివాడే అయ్యుండొచ్చు, కానీ ఆయన మీ మెడ మీద చెయ్యి పెట్టి చూడలేదు కదా. అయినా రెండు నెలలు ఎందుకు ఆగారండీ?

బిళ్ల సరిగ్గా ఎక్కడుందో మీరు రాయలేదు. ఎడమ కాలర్ ఎముకకు పైన గుంటలో ఉంటే ఇంకా తొందరపడాలి, ఎందుకంటే పొట్ట, కాళ్ల నుంచి వచ్చే లింఫు ప్రధాన గొట్టం సిరలో కలిసేది అక్కడే, పొట్టలోని జబ్బు కూడా ఆ గుంటలో బయటపడొచ్చు.

ఈ వారంలోనే జనరల్ సర్జన్‌నో ఈఎన్‌టీనో కలవండి. సూదితో తీసే పరీక్షతో మొదలుపెట్టొచ్చు, టీబీ దానితో దొరకొచ్చు కూడా. కానీ లింఫోమా అనుమానం ఉంటే సూది చాలదు, గ్రంథి మొత్తం తీసి చూడాలి, లోపలి అమరిక చెడిందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఒక ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా సెలైన్‌లో టీబీ పరీక్షకు పంపమని అడగండి. కోస్తే పాకుతుందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. మాత్రలు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వేసుకున్నారో కాగితం మీద రాసి స్ట్రిప్పుతో సహా తీసుకెళ్లండి. రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమటలు, సాయంత్రం జ్వరం, ఆరు నెలల్లో పదో వంతు బరువు తగ్గడం ఉంటే అవీ చెప్పండి. ముఖం ఉబ్బినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి.