మళ్లీ మళ్లీ సారీ చెబుతున్నారు... నమ్మాలా?

"డాక్టర్ గారూ, నా వయసు 29. హనుమకొండలో ఉంటాం, పెళ్లయి నాలుగేళ్లు. మా ఆయన కోపమొస్తే చుట్టాల ముందే నానా మాటలంటారు, ఫోన్ లాక్కుంటారు. తెల్లారి కళ్లనీళ్లు పెట్టుకుని సారీ చెబుతారు, ఇష్టమని మిర్చి బజ్జీలు తెస్తారు. పది రోజులకు మళ్లీ అదే. నాకు నిద్ర లేదు, ఒకటే తలనొప్పి. ఆయన మాట నమ్మాలా?"
– ఒక పాఠకురాలు

అమ్మా, ఆ కన్నీళ్లు నిజమా, నటనా అని తేల్చుకునే పని పెట్టుకోకండి. ఆ పూటకు అవి నిజమే కావచ్చు. కానీ బాధపడటం వేరు, మానుకోవడం వేరు. చూడాల్సింది సారీకీ, తర్వాతి గొడవకీ మధ్య ఏం జరిగిందో.

కాజీపేట నుంచి ఒకామె ఇలాంటి తలనొప్పితోనే వచ్చింది (ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను). బీపీ, రక్తం, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే, గొడవైన రోజున ఒక చుక్క పెట్టమన్నాను. మూడు నెలలకు తొమ్మిది చుక్కలు. మొదటి నెల రెండు, తర్వాత మూడు, ఆ తర్వాత నాలుగు. ప్రతి చుక్కకూ ఒక సారీ ఉంది. ముందు రోజు ఏం జరిగిందని అడుగుతూ పోతే, ఏడుసార్లు ఆమె పుట్టింటికి వెళ్లి రావడమో, అక్కతో ఫోన్లో మాట్లాడటమో కనిపించింది. ఆఫీసులో పెద్దసారు ఎంత తిట్టినా ఆయన నోరెత్తరని కూడా ఆమే చెప్పింది. అంటే ఆపుకోలేని కోపం కాదది.

ఈ సారీల తర్వాత ఎవరు మారారని అడిగాను. ఆయన వైపు చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఆమె మాత్రం అక్కకు ఫోన్ చేయడం మానేసింది, బతుకమ్మకు పుట్టింటికి వెళ్లలేదు. అది చెబుతూ చాలాసేపు ఏడ్చింది.

మీరూ చుక్కలు పెట్టి చూడండి. ఆయన నిజంగా మారుతుంటే 'నువ్వు రెచ్చగొట్టావు' అనకుండా తాను చేసింది పేరుపెట్టి ఒప్పుకుంటారు, మీ అలక వెంటనే తీరకపోయినా ఓర్చుకుంటారు, చుక్కల మధ్య ఎడం పెరుగుతుంది. తీపి రోజులు ఎందుకంత హాయిగా ఉంటాయంటే, అంతకుముందు పడ్డ భయం దిగిపోతుంది కాబట్టి. మళ్లీ ఎప్పుడోనన్న టెన్షన్ మాత్రం ఒంట్లో ఉండిపోతుంది. మీ నిద్ర చెడటానికి అదే కారణం కావచ్చు. అయినా ఒకసారి బీపీ, రక్తం పరీక్ష చేయించుకోండి.

ఆయనంటే భయముంటే ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లొద్దు, ముందు మీరొక్కరే వెళ్లండి. ఆయన ముందు మీరు చెప్పిన మాటకు ఇంట్లో శిక్ష పడొచ్చు. గొంతు పట్టుకున్నా, చంపుతానన్నా సారీ కోసం ఆగకుండా 112కు ఫోన్ చేయండి. సలహాకు మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. 2005 గృహహింస చట్టం కిందకు దెబ్బలే కాదు, అవమానించే మాటలూ వస్తాయి. ఈలోగా మీ వాళ్లలో ఒక్కరికైనా ఈ సంగతి చెప్పి ఉంచండి, వాళ్ల నంబరు నోటికి నేర్చుకోండి. ఫోన్ ఎలాగూ లాక్కుంటున్నారు కదా.