బరువు తగ్గిన బిందె: కొంత డబ్బు తిరిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. బుడితి ఇత్తడి సామాను ఆన్‌లైన్‌లో అమ్ముతాను. 2 కిలోల బిందె అని పెట్టి, 4,800 రూపాయలకు అమ్మాను. హైదరాబాద్‌లో ఒకావిడకు వెళ్లింది మాత్రం 1 కిలో 600 గ్రాములది. కొత్త సరుకు వచ్చాక పాత వివరాలు మార్చడం మర్చిపోయాను. పది రోజులకు ఫిర్యాదు చేశారు. బిందె నచ్చింది, ఉంచుకుంటానంటున్నారు. రిటర్న్ గడువు 7 రోజులే. పిల్లల ఫీజుల సమయం, చాలా టెన్షన్‌గా ఉంది. లిస్టింగ్ సరిచేసేసి, యూపీఐలో 500 పంపేస్తే సరిపోతుందా? - ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదు. ఆ 7 రోజుల గడువు ఇక్కడ మిమ్మల్ని కాపాడదు. చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని గానీ, డబ్బు ఇవ్వనని గానీ అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆవిడకు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల వ్యవధి ఉంది. తాను ఉండే హైదరాబాద్‌లోనే కేసు వేయవచ్చు. అప్పుడు వాయిదాలకు తిరగాల్సింది మీరు.

లిస్టింగ్‌ను ఇప్పుడు దిద్ది, 'మొదటి నుంచీ అలాగే ఉంది' అని మాత్రం అనకండి. ఆవిడ దగ్గర స్క్రీన్‌షాట్ ఉండొచ్చు, ఆర్డర్ నాటి వివరాలు మీరు అమ్మే ఆన్‌లైన్ వేదిక దగ్గరా ఉండొచ్చు. అలా అంటే మరుపును మోసంగా మార్చుకోవడమే అవుతుంది. ముందు పాత పేజీని తేదీ కనిపించేలా భద్రపరచండి. తర్వాత సరిదిద్దండి, దిద్దినట్టు ఆవిడకు చెప్పండి. సరుకు మారిన రోజే బిందెను కాటా మీద పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

వస్తువు ఉంచుకుని, తేడా మేరకు ధర తగ్గించమనే హక్కు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం కొనుగోలుదారుకు ఇస్తోంది. కానీ అది ఆవిడ ఎంచుకోవాల్సిన దారి, మీరు రుద్దేది కాదు. అందుకే రెండు దారులూ చూపించాలి. తగ్గిన 400 గ్రాములు చెప్పిన బరువులో ఐదో వంతు. ఆ లెక్కన 960 రూపాయలు. 500 ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పలేరు, 960 అయితే లెక్క చూపించగలరు.

వేదిక మెసేజ్‌లోనే ఇలా రాయండి: 'లిస్టింగ్‌లో 2 కిలోలు అని ఉంది, మీకు వచ్చింది 1 కిలో 600 గ్రాములు. పొరపాటు నాది. మా ఖర్చుతో బిందె వెనక్కి పంపి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. లేదా బిందె ఉంచుకుని 960 రూపాయలు తీసుకోవచ్చు. రెండో దారి నచ్చితే, ఈ బరువు తేడా విషయం దీంతో ముగిసిందని మెసేజ్‌లో రాయండి.' రేటింగ్ మార్చమని అడగకండి. డబ్బు ఇచ్చి రివ్యూ కొన్నట్టవుతుంది.

ఆవిడ ఒప్పుకున్నాకే, వేదికలోని పాక్షిక రిఫండ్ ద్వారానే డబ్బు పంపండి. బయట యూపీఐలో పంపితే వేదిక లెక్కలో మీరేమీ ఇవ్వనట్టే. రేపు పూర్తి రిఫండ్ అడిగితే మీ ఖాతా నుంచి మళ్లీ కోత పడొచ్చు. పాత పేజీ, మెసేజ్‌లు, రిఫండ్ రసీదు కనీసం రెండేళ్లు ఉంచండి. ఆ మెసేజ్‌లున్న ఫోన్‌ను ఈలోగా మార్చాల్సి వస్తే, వాటిని ముందే వేరేచోట దాచుకోండి.