ముగ్గురు సేల్స్ ఆఫీసర్లు, ఒకే శాతం టార్గెట్: హద్దులు ఎక్కడ గీయాలి?

ప్రశ్న: పురుగుమందుల కంపెనీలో ఈమధ్యే ఏరియా మేనేజర్‌నయ్యాను. పాత గుంటూరు జిల్లా అంతా నా కింద ఉంది. గుంటూరు, పల్నాడు, డెల్టా అని ముగ్గురు సేల్స్ ఆఫీసర్లు. గుంటూరు ఆయన ఏటా టార్గెట్ దాటుతారు, మిగతా ఇద్దరికీ ఏటా అందదు. అందరికీ గత ఏడాది మీద ఒకే శాతం పెంచుతున్నాం కాబట్టి అన్యాయం లేదని పైవాళ్లు అంటున్నారు. నిజంగా మనుషుల లోపమేనా?

జవాబు:

నేను ఇదే ప్రాంతంలో వేరే కంపెనీకి ఏరియా మేనేజర్‌గా పనిచేశాను. పంపకం మొదలుపెట్టే ముందు మీ గుంటూరు ఆఫీసరు అంకెలో ఎంత భాగం నిజంగా గుంటూరుదో తేల్చండి. పట్నంలోని హోల్‌సేల్ డీలర్లు మన దగ్గర కొన్న సరుకంతా తమ కౌంటర్ మీదే అమ్మరు. పిడుగురాళ్ల, వినుకొండ వైపు ఊళ్లలోని చిన్న దుకాణాలకు బస్సుల మీద, ఆటోల మీద పంపుతారు. ఆ ఊళ్లలో చేలో డెమో వేసేది, రైతు సమావేశం పెట్టేది పల్నాడు ఆఫీసరు. ఇన్‌వాయిస్ మాత్రం గుంటూరు ఖాతాలో పడుతుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. పల్నాడులో మన ఖాతా లేని దుకాణాల్లో మన సీసాలు కనిపిస్తే వాటి బ్యాచ్ నంబర్లు రాసుకోండి. ఆ బ్యాచ్‌లు డిపో నుంచి ఏ డీలర్‌కు వెళ్లాయో డిస్పాచ్ రిజిస్టర్ చెబుతుంది. ఒక సీజన్ పాటు ఇలా చూసుకున్నాక మా లెక్క మారిపోయింది. ఇక్కడి నుంచి చెప్పే అంకెలు అర్థం కావడానికి గుండ్రంగా మార్చినవి. ఇన్‌వాయిస్ ప్రకారం గుంటూరు 4.5 కోట్లు, పల్నాడు 3 కోట్లు, డెల్టా 1.5 కోట్లు. సరుకు వెళ్లిన చోటును బట్టి చూస్తే గుంటూరు 3.8, పల్నాడు 3.7. వెనకబడ్డారని పేరున్న మనిషి నిజానికి పేరున్న మనిషితో దాదాపు సమానంగా అమ్ముతున్నారు.

రెండోది, ఏ మండలంలో ఎంత అమ్మే వీలుందో కట్టే లెక్క. డీలర్ల సంఖ్య దీనికి పనికిరాదు. ముప్పై మంది డీలర్లున్న వరి ప్రాంతం, ముప్పై మంది డీలర్లున్న మిరప ప్రాంతం ఒకటి కావు. మండల వ్యవసాయాధికారి కార్యాలయంలో ఈ-క్రాప్ నమోదు ప్రకారం పంటల విస్తీర్ణం దొరుకుతుంది. దాన్ని తీసుకుని ప్రతి పంటనూ వరి ఎకరాల్లోకి మార్చాం. మా మందులు పనికొచ్చే తెగుళ్లు, పురుగుల మీద రైతు పెట్టే ఖర్చు వరి ఎకరాకు ఒకటి అనుకుంటే పత్తికి రెండు, మిరపకు ఐదు అని డీలర్లతో మాట్లాడి నిర్ణయించుకున్నాం. మీ కంపెనీ మందులు వేరు కాబట్టి మీ నిష్పత్తి వేరుగా వస్తుంది. పంట మీద రైతు పెట్టే మొత్తం ఖర్చును తీసుకోకండి, మీ దగ్గర మందే లేని పురుగు కోసం పెట్టే ఖర్చు మీకు అవకాశం కాదు.

ఆ లెక్కలో పల్నాడుకు 3,70,000, గుంటూరుకు 2,50,000, డెల్టాకు 1,90,000 వరి ఎకరాలు వచ్చాయి. అంటే పెద్ద సొమ్ము పల్నాడులోనే ఉంది, అందులో తక్కువ భాగమే మా చేతికి వస్తోంది. ఎందుకు రావడం లేదన్న దానికి జవాబు మూడో లెక్కలో దొరికింది.

అది రోజుల లెక్క. సీజన్‌లో ఆఫీసరు నెలకు 24 రోజులు తిరుగుతారనుకుందాం. పెద్ద డీలరును నెలకు నాలుగుసార్లు, మధ్యరకం వాళ్లను రెండుసార్లు, చిన్నవాళ్లను ఒకసారి కలవాలన్నది మా పద్ధతి. పల్నాడులో 45 మంది డీలర్లకు ఇలా 90 సందర్శనలు అయ్యాయి. ఊళ్లు దూరం, నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్లి రావడమే దాదాపు 150 కిలోమీటర్లు కాబట్టి రోజుకు నలుగురిని కలిస్తే గొప్ప. అంటే 22 రోజులకు పైనే డీలర్లకు పోతాయి. చేల మీద డెమోలకు, రైతు సమావేశాలకు ఇంకో 8 రోజులు కావాలి. ముప్పై రోజుల పని 24 రోజుల్లో చేయమంటే ఆ మనిషి ఏం చేస్తారు? మాచర్ల వైపు వెళ్లడం మానేసి ఫోన్లో ఆర్డర్లు అడుగుతారు. డెల్టాలో డీలర్లు దగ్గర దగ్గరగా ఉండడంతో అదే పని 15 రోజుల్లో అయిపోతోంది. గుంటూరు ఆయనకు 19, 20 రోజులు పడుతోంది.

ఇక హద్దులు. మీ టెరిటరీలు జిల్లా పేర్లతో ఉన్నాయి కదా, ఇబ్బందికి మూలం సగం అక్కడే ఉంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 26 అయినప్పుడు చాలా కంపెనీల్లో సిస్టమ్‌లోని జిల్లా పేర్లు మార్చి, టెరిటరీలు కూడా ఆ గీతల మీదే కోశారు. జిల్లా గీత కలెక్టరు పరిపాలన కోసం గీసింది. సరుకు, రైతు, డీలరు తిరిగే దారులు వేరు. మేం మండలాన్ని యూనిట్‌గా తీసుకుని రోడ్డు, కాలువ చూసి మళ్లీ కలిపాం. సత్తెనపల్లి వైపు మండలాలు పల్నాడు జిల్లాలోవే అయినా అక్కడి దుకాణదారులు సరుకుకు గుంటూరే వస్తారు. వాటిని గుంటూరు ఆఫీసరుకు ఇచ్చాం. పొన్నూరు, చేబ్రోలు గుంటూరు జిల్లాలో ఉన్నా పంట వరి, పోకడ అంతా తెనాలి, బాపట్లదే. అవి డెల్టాకు వెళ్లాయి.

దీంతో డెమోలతో కలిపి పల్నాడు పని 30 నుంచి 22 రోజులకు దిగింది, గుంటూరు 21 అయింది, డెల్టా 19కి పెరిగింది. వరి ఎకరాలు 2,90,000, 3,00,000, 2,20,000 అయ్యాయి. అమ్మకాలు వరుసగా 2.8, 4.4, 1.8 కోట్లు. డెల్టాను కూడా మూడు లక్షల ఎకరాలకు తెద్దామని పట్టుబట్టలేదు. అలా చేస్తే నరసరావుపేటకు ఆనుకుని ఉన్న మిరప ఊళ్లను తెనాలిలో ఉండే మనిషికి ఇవ్వాలి. పని రోజులు సరిపోయాక అవకాశంలో మిగిలే తేడాను టార్గెట్‌లోనే సర్దుకోవచ్చు.

టార్గెట్ సంగతి. కంపెనీ 9 కోట్లను 10.5 చేయమంది. అందరికీ ఒకే శాతం అంటే ఇప్పటికే తన ప్రాంతాన్ని పిండుకున్నవారికి కష్టం, లోతు మిగిలినవారికి సులువు. అందుకని పెరగాల్సిన 1.5 కోట్లలో సగాన్ని వరి ఎకరాల వాటా ప్రకారం పంచాం. మిగతా సగాన్ని ఏరియా సగటు కంటే వెనకబడ్డ ప్రాంతాలకు, ఎంత వెనకబడితే అంత ఎక్కువగా ఇచ్చాం. ఏరియా సగటు వెయ్యి వరి ఎకరాలకు 1.11 లక్షలు. గుంటూరు దాన్ని దాటింది కాబట్టి రెండో సగంలో దానికి ఏమీ రాదు. ఫలితంగా పల్నాడుకు 56 లక్షలు, గుంటూరుకు 28, డెల్టాకు 66 పెరుగుదల వచ్చింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. డెల్టా 1.8 కోట్ల మీద 66 లక్షలు పెరగాలంటే మూడో వంతు కంటే ఎక్కువ. ఎందుకు వెనకబడింది అని అడిగితే జవాబు ఆఫీసరు దగ్గర లేదు. వరికి సుడిదోమ పెద్ద బెడద, మా దగ్గర దానికి పాత మందే ఉంది, పోటీ కంపెనీలు కొత్తవి తెచ్చాయి. మేం వరికి వేసుకున్న ఒకటి అన్న విలువే మా మందులకు ఎక్కువన్నమాట. డెల్టాను 40 లక్షలకు తగ్గించి, మిగిలిన 26లో 15 గుంటూరుకు, 11 పల్నాడుకు కలిపాం. చివరికి టార్గెట్లు పల్నాడు 3.47 కోట్లు, గుంటూరు 4.83, డెల్టా 2.2. సూత్రం ఎంత చెప్పినా ఇలాంటి చోట చేయి పెట్టక తప్పదు. కానీ కారణాన్ని కాగితం మీద రాసి ముగ్గురికీ చూపించండి, లేకపోతే అది పక్షపాతంగా కనిపిస్తుంది.

ఇంకో మాట, గత ఏడాదిని ఒక్కదాన్నే పునాదిగా తీసుకోవద్దు. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు రైతులు చేతికందిన మందల్లా కొట్టారు. పంట పోయినా అమ్మకాలు ఎగిశాయి. ఆ అంకె మీద మరుసటి ఏడాది పెంపు వేస్తే ఎవరికీ అందదు. మూడేళ్ల సగటు తీసుకోండి. అలాగే నెలవారీ టార్గెట్‌ను తేదీకి కట్టేయకండి. సాగర్ కుడి కాలువకు నీళ్లు ఎప్పుడు వదిలితే పల్నాడు సీజన్ అప్పుడు ఊపందుకుంటుంది. నీళ్లు నెల ఆలస్యమైతే టార్గెట్ కూడా నెల జరగాలి. సీజన్ మొత్తం అంకె మాత్రం అదే ఉంటుంది.

డీలర్లను చేతులు మార్చడంలోనే అసలు గొడవలు వస్తాయి. సీజన్ మధ్యలో మార్చకండి. సరుకు వాపసు, వసూళ్లు ముగిసే ఏప్రిల్, మే నెలలు సరైన సమయం. డీలరు తన చేతి నుంచి వేరే ఆఫీసరుకు పోతున్నాడని తెలిసిన ఆఫీసరు చివరి నెలలో స్కీము చూపి సరుకు నింపేసి వెళ్లడం కొత్త కాదు. ఆ సరుకు వాపసు వచ్చినప్పుడు కొత్త ఆఫీసరు అంకె పడిపోతుంది. కాబట్టి బిల్లు ఎవరి కాలంలో అయిందో వాపసు కూడా వారి ఖాతాలోనే పడాలి, ఇన్సెంటివ్‌లో కొంత ఆ లెక్క తేలేదాకా ఆపాలి. పాత బాకీలకూ ఇదే నియమం. వసూలు బాధ్యత కొత్తవారికి ఇచ్చినా, మొండిబాకీ మచ్చ వాళ్ల మీద వేయకూడదు.

హోల్‌సేల్ సరుకు మీద క్రెడిట్‌ను మేం చెరిసగం చేశాం. ఇన్‌వాయిస్ పడిన ఆఫీసరుకు సగం, సరుకు చేరిన ఊరి ఆఫీసరుకు సగం. గుంటూరు ఆయన మొదట ఒప్పుకోలేదు, హోల్‌సేలర్ దగ్గర వసూలు చేసేది తానే కదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే మొత్తం పల్నాడుకు ఇవ్వలేదు. ఇద్దరి టార్గెట్లూ అదే చెరిసగం లెక్కతో కట్టండి. పైన నేను అమ్మకాలను సరుకు చేరిన చోటును బట్టి చెప్పాను కాబట్టి, మీరు ఈ పద్ధతి పెట్టుకుంటే పునాది అంకెలను కూడా ఆ మేరకు సవరించుకోవాలి. టార్గెట్ ఒక పద్ధతిలో, సాధించినది ఇంకో పద్ధతిలో లెక్కేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మనుషుల లోపమా అని అడిగారు. మీ సిస్టమ్‌లో ఐదారేళ్ల రికార్డు తీసి, ఆ టెరిటరీల్లో ఆఫీసర్లు మారిన సంవత్సరాలు చూడండి. పల్నాడులో ఎవరు కూర్చున్నా 75, 80 శాతం దగ్గరే ఆగుతుంటే, అక్కడి నుంచి గుంటూరుకు బదిలీ అయిన మనిషి మరుసటి ఏడాదే 110 కొడుతుంటే, పైవాళ్ల ముందు పెట్టడానికి ఆ ఒక్క పేజీ చాలు.