ఓన్లీ వెనుక ఉన్న ఏకారం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. కథ మొత్తం గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం అందులోని ఒక్క వాక్యం గురించే. కడప కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ ఫైలు కనిపించక సూపరింటెండెంటు జూనియర్ అసిస్టెంటు మీద విరుచుకుపడి “ఐ టోల్డ్ యూ ఓన్లీ!” అంటాడు. కుర్రవాడు తల వంచుకుని “సారీ సార్” అంటాడు. మొదటి మాట నిజంగా ఆఫీసులో విన్నట్టే ఉంది. జవాబు మాత్రం ఏ కోపానికైనా, ఏ తప్పుకైనా సరిపోయేది కావడం వల్ల మొదటి మాటలోని పదును కూడా పోయింది. ఆయన ఆ ఇంగ్లీషు వెనుక తెలుగులో ఏమనుకున్నాడో నీకు తేలలేదని నా అనుమానం.

మన ఇంగ్లీషులో ‘ఓన్లీ’ చేసే పని ఇంగ్లీషువాడి ‘ఓన్లీ’ చేసే పని కాదు. అక్కడ ఆ మాట మిగిలినవాటిని తోసేస్తుంది. మన నోట్లో అది, వ్యాకరణంలో అవధారణ అని చెప్పుకున్న ఏకారానికి తొడిగిన చొక్కా. నేనే, నీకే, నిన్ననే, ఇంట్లోనే అన్నప్పుడు మాట చివర ఒక్క అచ్చు చేసే పని చేయడానికి ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు. వాళ్ళు చాలావరకు గొంతు ఒత్తితో నెట్టుకొస్తారు, లేదా వాక్యాన్నే తిప్పి రాస్తారు. మనకు ఆ ఒత్తి పలికే అలవాటు తక్కువ కాబట్టి, చేతికి అందిన ఒక మాటను తెచ్చి, మన ప్రత్యయం ఉండే చోటనే, అంటే నొక్కి చెప్పదలచిన మాటకు వెనుకనే పెడతాము. ‘బస్సులోనే’ కాస్తా ‘ఇన్ ద బస్ ఓన్లీ’ అవుతుంది. ‘లో’ అయిపోయాక ‘ఏ’ వచ్చినట్టే, అక్కడ కూడా పదబంధమంతా పూర్తయ్యాకనే ఓన్లీ వస్తుంది.

ఈ ఏకారానికి తోసిపుచ్చడమే అర్థం కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. రైల్లో ఎవరో “మాది కర్నూలు” అంటే ఎదుటి సీటులోని మనిషి సంబరంగా “మాదీ కర్నూలే!” అంటాడు. ఆ రెండు మాటల్లో మొదటిదానికి ‘కూడా’ అని చెప్పే దీర్ఘం ఉంది, రెండోదానికి ఏకారం ఉంది. ఇదే మనిషి ఇంగ్లీషులో “మీ ఆల్సో కర్నూల్ ఓన్లీ” అంటాడు. ఆల్సో, ఓన్లీ ఒకే వాక్యంలో పక్కపక్కనే కూర్చోవడం ఇంగ్లీషువాడికి పొసగని లెక్క. మనకు అందులో ఏ వైరుధ్యమూ కనిపించదు, ఎందుకంటే ఆ ఏకారం ‘సరిగ్గా అదే ఊరు’ అంటున్నదే తప్ప ‘మరే ఊరూ కాదు’ అనడం లేదు. తోసిపుచ్చవలసి వచ్చినప్పుడు మనం ‘మాత్రమే’ను పిలుస్తాం. బస్సులో ‘స్త్రీలకు మాత్రమే’ అని రాస్తారు గానీ ‘స్త్రీలకే’ అని రాయరు. (మాత్రమేలో కూడా తోకగా ఉన్నది ఏకారమే. తోక తీసేస్తే ‘నాకు మాత్రం తెలియదు’ అన్నప్పటిలా మరో అర్థంలోకి పోతుంది.) బడిలో ఓన్లీ అంటే మాత్రమే అని మాకు నేర్పినవాళ్ళు తప్పేమీ చెప్పలేదు. పిల్లలు ఆ మాటను బడి దాటించి తమ ఏకారానికి కట్టేశారు.

ఇప్పుడు నీ సూపరింటెండెంటు దగ్గరికి వద్దాం. మన ఇంగ్లీషులో ఓన్లీ ఎక్కడ కూర్చుంటే దాని ముందున్న మాటకు బలమని చెప్పాను కదా. ఆయన “ఐ ఓన్లీ టోల్డ్ యూ” అని ఉంటే దాని కింద ఉన్నది ‘నేనే చెప్పినాను’. అంటే ఎవరి నోటి మీదో పంపలేదు, స్వయంగా చెప్పాను, ఇక నీకు సాకు లేదు అని. (ఇదే మాటను లండన్‌లో పుట్టినవాడు వింటే ‘చెప్పాను, అంతకు మించి ఏమీ చేయలేదు’ అని సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు తోస్తుంది. కోపం కాస్తా క్షమాపణ అయిపోతుంది.) నువ్వు రాసినట్టు “ఐ టోల్డ్ యూ ఓన్లీ” అంటే మొదట వచ్చే అర్థం ‘నీకే చెప్పినాను’. దానికి ఆఫీసులో ఇంకో జూనియర్ ఉండాలి. ఆయనకు కాదు, నీకే అని వేలు చూపించడం అది. మరో అర్థమూ ఉంది. వాక్యం చివర నిలిచిన ఓన్లీ మొత్తం వాక్యానికే బలమివ్వగలదు. అప్పుడు కింద ఉన్నది ‘చెప్పనే చెప్పినాను’. ఇక్కడ నొక్కు మనిషి మీద కాదు, చెప్పడం జరిగిందన్న సంగతి మీద.

ఈ రెండింటిలో ఏదో తేల్చేది సూపరింటెండెంటు కాదు, జవాబు చెప్పే కుర్రవాడు. అది ‘నీకే’ అయితే అతడు “నాకు కాదు సార్, ఆయప్పకు చెప్పినారు” అని రెండో సీటు వైపు చూస్తాడు. అది ‘చెప్పనే చెప్పినాను’ అయితే “ఎప్పుడు సార్? నేను సెలవులో ఉంటి గదా” అంటాడు. మనం నిత్యం వింటున్నప్పుడు ఇట్లాగే అర్థం చేసుకుంటాం. వినే మనిషి ఏ మాటను కాదంటున్నాడో చూస్తే చెప్పిన మనిషి ఏ మాటను నొక్కాడో తెలిసిపోతుంది. ‘సారీ సార్’ దేన్నీ కాదనదు, అందుకే అది రెండింటికీ సరిపోయి రెండింటినీ చంపుతుంది. ఇది సంభాషణ రాసే ఎవరికైనా ఉపయోగపడే పరీక్ష: పాత్ర చేత ఓన్లీ అనిపించాక, దాన్ని మన సీమ తెలుగులోకి దించి చూడు. దిగిన చోట ఏకారం ఏ మాటకు అంటుకున్నదో, తరువాతి మాట దాన్ని తాకాలి.

అన్ని ఏకారాలూ ఓన్లీ అవుతాయనుకోవద్దు. కొత్తగా రాసేవాళ్ళ సంభాషణ కృత్రిమంగా కనిపించేది ఎక్కువగా ఇక్కడే. ‘రానే లేదు’ అన్నది “హి డిడ్‌న్ట్ కమ్ ఓన్లీ” అవుతుంది. ‘డబ్బు కడితేనే ఇస్తాను’ అన్నది “ఇఫ్ యూ పే, దెన్ ఓన్లీ ఐ విల్ గివ్” అవుతుంది. ‘ఈడనే’ అన్నది ‘హియర్ ఓన్లీ’ అవుతుంది. కానీ ‘రాగానే’లో ఏకారం ఉన్నా దానికి ఎవరూ ఓన్లీ పెట్టరు. ‘ఒకటే వాన’ అన్నదాన్ని ‘వన్ ఓన్లీ రెయిన్’ అన్న మనిషిని నేను వినలేదు. ‘ఊరికే నవ్వినాను’ అన్నది ‘సింప్లీ’ అవుతుంది, అదొక వేరే కథ. ‘చెప్పినానే!’ అని సాగదీసి నిష్ఠూరమాడితే అది ‘ఐ టోల్డ్ యూ, నో’ వైపు పోతుంది. ఏకారం ఒక మాటలో కరిగి కొత్త అర్థంగా స్థిరపడిపోయిన చోట మనకు కూడా అది విడిగా వినిపించదు, కనుక దాన్ని విడదీసి ఇంగ్లీషులో పెట్టాలనీ తోచదు. విడిగా వినిపించే చోటనే ఓన్లీ పుడుతుంది.

ఇది తెలుగువాడి గుర్తు అని నువ్వు కథలో ఒక చోట వ్యాఖ్యానించావు. ఆ వాక్యం తీసెయ్యి. అనంతపురం దాటి బళ్ళారి వైపు పోతే కన్నడం మాట్లాడేవాడు ‘నానే హేళిదె’ అంటాడు, అదే ఏకారం, అదే చోటు. కర్నూలు, కడపల్లోని మన ముస్లింల ఇళ్ళలో దక్కనీ ఉర్దూ ‘మైచ్ బోలా’ అంటుంది. ఆ చివరి చకారం మరాఠీ పక్క నుంచి వచ్చింది, పని మాత్రం మన ఏకారం చేసేదే. హిందీలో ‘హీ’ ఉంది. నొక్కే మాటకు వెనుక ఒక తునక తగిలించడం ఇన్ని భాషలకు ఉన్నప్పుడు, వాళ్ళందరి ఇంగ్లీషులోనూ ఓన్లీ ఒకే చోట వాలడంలో వింత లేదు. నీ పాత్ర కడప మనిషి అని చెప్పాలంటే ‘చెప్తి గదప్పా’ చెబుతుంది, ఓన్లీ చెప్పలేదు.

ఈ మాటతో నిజమైన చిక్కు మనవాళ్ళ మధ్య రాదు. నీ కథ రెండో భాగంలో అనంతపురం అబ్బాయి బెంగళూరు నుంచి అమెరికా క్లయింటుతో మాట్లాడే ఘట్టం ఉంది కదా, అక్కడ దాన్ని సరిగ్గా వాడుకోవచ్చు. “ఐ సెంట్ ద మెయిల్ టు యూ ఓన్లీ” అని అతడు అంటాడు. అతడి మనసులో ఉన్నది ‘మీకే పంపినాను, మీకు అందాల్సింది’ అని. అవతల ఉన్న క్లయింటుకు వినిపించేది ‘మీకు తప్ప ఇంకెవరికీ పంపలేదు’ అని. ఆమె కనుబొమలు ముడిచి “మా టీమును ఎందుకు వదిలేశావు?” అని అడుగుతుంది. అబ్బాయికి ఆ ప్రశ్న ఎక్కడ నుంచి ఊడిపడిందో తెలియదు, ఎందుకంటే టీము అందరికీ కాపీ పంపించాడు. నువ్వు ఆ సన్నివేశంలో అతడి ఉచ్చారణను నవ్వులపాలు చేశావు. దాని బదులు ఈ అపార్థాన్ని నడిపిస్తే ఇద్దరూ తెలివైనవాళ్ళుగానే ఉండి కూడా గొడవ పుడుతుంది.

ఎదురు దిశలో జరిగే నష్టం నీ తెలుగులో కనిపించింది. “ఆమె అతడికి మాత్రమే చెప్పింది” అని నాలుగు చోట్ల రాశావు. అక్కడ రహస్యమేమీ లేదు, ‘అతడికే చెప్పింది’ అంటే చాలు. “ఇది ఉద్యోగం మాత్రమే కాదు” అన్న వాక్యమూ అంతే. మన ఇళ్ళలో అయితే “ఇది ఉద్యోగమే కాదు, పరువు కూడా” అంటారు. ఇంగ్లీషులో ఆలోచించి రాస్తే ఏకారం పోయి మాత్రమే వస్తుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు మాట్లాడితే ఏకారం ఉండి ఓన్లీగా బయటపడుతుంది. సూపరింటెండెంటుకు రెండోది జరిగింది, నీకు మొదటిది జరుగుతోంది.

ఓన్లీని పొదుపుగా వాడు. తెలుగులో ఏకారం వాదం ఉన్న చోట, ఎవరో కాదన్న చోట, కాదంటారని తోచిన చోట ఎక్కువగా పలుకుతుంది. నీ సూపరింటెండెంటు ప్రశాంతంగా టీ తెప్పించుకుంటూ కూడా “టీ ఓన్లీ” అంటాడు, కాఫీ తెచ్చే ప్రమాదం ఏదీ అక్కడ లేనప్పుడు. అది తీసెయ్యి. జూనియర్ ఫోనులో “సార్ ఈజ్ నాట్ దేర్ ఓన్లీ” అనే వాక్యం మాత్రం ఉంచు. అవతలివాళ్ళు సారు ఉండే ఉంటాడని పట్టుబడుతున్నారు కాబట్టి ‘లేనే లేడు’ అక్కడ సరిగ్గా పడింది.

ఇక మిగిలింది రెండో జూనియర్. నువ్వు ‘నీకే’ అర్థాన్ని ఎంచుకుంటే ఆ మనిషి గొడవ జరిగే పేజీలో హఠాత్తుగా పుట్టుకు రాకూడదు. మొదటి పేజీలోనే సూపరింటెండెంటు ఇద్దరినీ పిలిచి, ఫైలు గురించి ఒకరి వైపు చూస్తూ చెప్పాలి, ఎవరి వైపో పాఠకుడికి స్పష్టంగా తెలియకూడదు. ఆ పేజీ తిరగరాసి పంపు. తక్కినది ఇప్పుడు ముట్టుకోవద్దు.

ఆశీస్సులతో,
అనంతపురం నుంచి నీ మాస్టారు