పల్చబడ్డ మ్యాట్ల మీద పల్టీ నేర్పే బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటోలు చూసిన. ఐదు మ్యాట్లు, రెండిటికి రెక్సిన్ చినిగి ఫోమ్ బయటికొచ్చింది, ఒకదాంట్లనైతే ఇప్పుడే బర్రె పండుకొని లేచిపోయినట్టు నడుమ గుంత పడ్డది. కొత్తవి వచ్చేదాకా ఫార్వర్డ్ రోల్ ఆపాల్నా సార్ అని అడిగినవ్. ఆపుడెందుకు, నేర్పు. కానీ ఐదు మ్యాట్లు వరుసగ పరిచి నలభై మందిని లైన్ల నిలబెట్టి ఒకరెనుక ఒకర్ని దొర్లించుడు మాత్రం బంజెయ్. నీ దగ్గర పల్టీకి పనికొచ్చే జాగ ఒక్కటే ఉంటది, దాన్ని మంచిగ చేసుకో, మిగిలిన పిల్లలకు వేరే పని పెట్టు. నేను చెప్పేదంత ఇదే, ఎట్లనో వివరంగ రాస్త.

ముందుగాల మ్యాట్లు చూసుకో. చేత్తో నొక్కి చూస్తె తెల్వదు, చెయ్యి బరువెంత. మోకాలు పెట్టి నీ బరువంత దాని మీద వేసి చూడు. మోకాలుకు కింద బండ తగిలిందంటే అక్కడ ఫోమ్ సచ్చిపోయినట్టే, పిల్లగాని వీపుకు గూడ అదే బండ తగుల్తది. అడుగు అడుగుకు ఇట్ల చూసి, సచ్చిన జాగల చాక్‌పీస్‌తోని గీత పెట్టు. ఒక విచిత్రం కనిపిస్తది నీకు, మ్యాట్ అంతట ఒక్క తీరుగ అరగదు, అందరు వచ్చి పడేది నడుమనే కాబట్టి నడుమ పోతది, కొసలు ఇంకా గట్టిగనే ఉంటయ్. గందుకే ఒకదాని మీద ఒకటి వేసేటప్పుడు పై దాని గుంత కింద దాని మంచి జాగ మీదికి వచ్చేటట్టు జరుపు. రెండు గుంతలు ఒక్క దగ్గర పడితే రెండు మ్యాట్లు వేసినా ఒక్కటి వేసినట్టే.

మీయి 6 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం అన్నవ్ కదా. ఉన్నదాంట్ల మంచియి రెండు తీసి ఒకదాని మీద ఒకటి వెయ్. గుంతపడ్డ దాన్ని నడిమికి మడిచి ఆ రెండిటి కింద ఒక కొసకు, రెండడుగుల దాకా లోపలికి దూర్చు. ఇప్పుడు ఒక దిక్కు ఎత్తు, ఒక దిక్కు జారు, చిన్న వాలు తయారైతది. మడిచిన మ్యాట్ అయిపోయిన కాడ కింద బోలుగ ఉంటది, అక్కడ గోనెసంచులు మడిచి నింపు, లేకుంటె పిల్లగాడు సరిగ్గ అక్కడ పడి కిందికి కుంగుతడు. ఎత్తు దిక్కు నుంచి జారు దిక్కుకు దొర్లాలె. వాలు ఎందుకంటె, కొత్త పిల్లలు కాళ్లతోని సరిగ్గ తన్నరు, తన్నకపోతె నడుము మీదికి లేవదు, లేవకపోతె బరువంత నెత్తి మీద నిలబడ్తది. వాలుంటె ఆ తక్కువపడ్డ తన్నుడు అదే ఇస్తది.

పైన ఒక జంపఖానా పరువు. మన వరంగల్ కొత్తవాడల నేసే దరి ఉంటది సూడు, అటువంటిది గట్టిగ ఉంటది. చినిగిన కుట్లల్ల కాలివేళ్లు ఇరుక్కోవు. కానీ ఊకెనే పరిస్తె రెక్సిన్ మీద దరి జారుతది, చేతులు పెట్టంగనే ముందుకు పోతది, అది ఉత్త మ్యాట్ కంటె ప్రమాదం. నాలుగు దిక్కుల కిందికి మలిచి, మ్యాట్ల బరువు కింద నొక్కిపెట్టి, డోలు తోలు లెక్క గుంజి కట్టు. పిల్లలను టీషర్ట్ నిక్కర్ల దోపుకోమను, లేకుంటె దరి వీపును గీకుతది.

ఇంకొకటి, ఎవరన్న తల్లిదండ్రులు పాపం మంచి మనసుతోని ఇంట్ల దూది పరుపు తెచ్చిస్తరు. పత్తి పండే జిల్లా కదా మనది, పరుపులకు కరువు లేదు. తీసుకో, కానీ పల్టీ కింద వెయ్యకు. మెత్తగుంటె మంచిదనుకుంటరు, కాదు. చెయ్యి పెడితె లోపలికి కుంగుతది, చేతులు కుంగినంక నెత్తి గూడ అందుల దిగబడ్తది, నెత్తి అక్కడ ఆగిపోయి పెయ్యి ముందుకు పోతది. మధ్యల మెడ ఏమైతదో ఆలోచించు.

మెడకు దెబ్బ ఎట్ల తగుల్తదో నాకు పుస్తకాలల్ల తెల్వలె. నేను కొత్తల పనిచేసిన ఒక బళ్లె రెండు మ్యాట్లు కొసకు కొస పెట్టి పైన దుప్పటి కప్పిన, మధ్యల నాలుగు వేళ్ల సందు ఉన్నది, దుప్పటి కింద కనవడలె. ఏడో తరగతి పిలగాడు ఒకడు ఎడమ చెయ్యి సక్కగ ఆ సందులనే పెట్టిండు, మోచెయ్యి మలిగింది, నెత్తి నడిమి భాగం మీద పడ్డడు. మూడు దినాలు మెడ తిప్పలె. దేవుని దయ అంతటితోని పోయింది. తప్పు నాదే. అప్పటి సంది సందు మీద పల్టీ కొట్టనియ్యలె ఎవ్వర్ని, ఒక్క మ్యాట్ పొడుగులనే పని కావాలె. ఆరో తరగతి పిల్లకు 6 అడుగులు సరిపోతది, వెనుక అంచు మీదనే కాళ్లు పెట్టి మొదలుపెడితె నాలుగు నాలుగున్నర అడుగుల కాడ లేచి నిలబడ్తది.

ఇగ పల్టీ. గొంతుకూచొని చేతులు భుజాల వెడల్పుల, వేళ్లు ముందుకు, గదమ ఎదకు అతుకుకోవాలె, నడుము మీదికి లేవాలె, మెడ వెనుక కింది భాగం, భుజాల పైభాగం మొదలు మ్యాట్‌కు తగలాలె. నెత్తి నడిమి భాగం తగలనే తగలొద్దు. చెప్పుడు అలకనే, చూసుడు కష్టం, ఎందుకంటె పల్టీ రెప్పపాటుల అయిపోతది. నేను రెండు ఉపాయాలు చేసేటోణ్ని. ఒకటి, గదమ కింద చేతిరుమాలు మడిచి పెట్టించుడు. మధ్యల రుమాలు పడిపోతె గదమ లేచినట్టు. రెండోది ఇంకా మంచిది, దరి మీద చేతులు పెట్టే జాగకు కొంచెం ముందల చాక్‌పీస్ పొడి అడ్డంగ రుద్దు. పల్టీ కొట్టి లేచినంక పిల్లను తిప్పి చూడు. తెలుపు భుజాల మీద, అంగీ మీద అంటితె మంచిగ దొర్లింది. వెంట్రుకల నడుమ, పాపిట కాడ అంటిందంటె నెత్తి మీదనే దొర్లింది, ఆ పిల్లను ఆ దినానికి పల్టీ నుంచి తీసెయ్, వీపు మీద ఊగే జట్టు కాడికి పంపు. పిల్లలకు గూడ ఇది మస్తు ఇష్టం, ఒకరి నెత్తి ఒకరు చూసుకుంట తప్పు వాళ్లే పట్టుకుంటరు.

నువ్వు పక్కన ఒక మోకాలు మీద కూచో. ఒక చెయ్యి నెత్తి వెనుక, నెత్తి లోపలికి మలుగుడుకు ఆసరగ, ఇంకో చెయ్యి తొడ కింద, నడుము లేవనీకి. మెడను పట్టి కిందికి వొత్తుడు చెయ్యకు, తొందరల చాలామంది చేసేది అదే.

ఎవరన్న మెడ నొస్తాంది అన్నరంటె, చేతులు తిమ్మిరెక్కినయ్ అన్నరంటె లేపకు, తిప్పకు, నీళ్లు తాపుతనని కూచోబెట్టకు. పండుకున్న కాడనే నెత్తి కదలకుంట పట్టుకొని 108కి ఫోన్ చేపియ్.

నలభై మందికి ఎట్ల అంటవ్. పదిపది మంది నాలుగు జట్లు చెయ్. ఒక జట్టు పల్టీ కాడ, అక్కడి నుంచి నువ్వు కదలొద్దు. రెండో జట్టు మిగిలిన రెండు మ్యాట్ల మీద ఊగుడు, మోకాళ్లు కడుపుకు పట్టుకొని వీపు మీద ముందుకు వెనుకకు, అది పల్టీల సగం పని. చినిగిన మ్యాటే కాబట్టి ఇంకో దుప్పటి మడిచి వెయ్, వెన్నెముక బొక్కలు బండకు తగిలితె ఏడుస్తరు. మూడో జట్టు కుందేలు దుముకుడు, చేతుల మీద బరువు వేసి కాళ్లు లేపుడు, అది నేల మీదనే. నాలుగో జట్టు బ్యాలెన్స్. ఒక్కో జట్టుకు 8 నిమిషాలు, మొత్తం 32, నీ 45 నిమిషాల పీరియడ్‌ల సరిపోతది. పల్టీకి ఒక్కొక్కరికి 20 సెకన్లనుకో, 8 నిమిషాలల్ల 24, అంటె మనిషికి రెండు పల్టీలు. తక్కువనిపిస్తది నీకు. పల్చటి మ్యాట్ మీద రెండే చాలు, పదోది కొట్టేసరికి వీపు నొస్తది, నొస్తదని మెడ లేపుతరు, అక్కడ సురువైతది తప్పు.

బ్యాలెన్స్‌కు మ్యాట్ అక్కర్లేదు బిడ్డా, ఇది చాలామందికి తట్టదు. ఒంటికాలి మీద నిలబడేటప్పుడు గుంతల మ్యాట్ కాలిమడమను అటిటు వంచుతది, గట్టి నేలే మంచిది. వరండల షాబాద్ బండల మీద ఉత్త కాళ్లతోని నిలబెట్టు, కాకపోతె ముందుగాల దుమ్ము తుడిపియ్, దుమ్ముంటె జారుతది. గోడ మీద కండ్ల ఎత్తుల చుక్క పెట్టి దాన్నే చూడమను. కొంగ లెక్క ఒంటికాలు, తర్వాత ఒక కాలు వెనుకకు చాపి చేతులు పక్కకు, తర్వాత కూచొని కాళ్లు లేపుడు. చివరిదానికి మాత్రం తోకబొక్క కింద మడిచిన దుప్పటి కావాలె. ఒక్కో భంగిమ 2 సెకన్లు కదలకుంట. పోటీలల్ల గూడ అంతే అడుగుతరు.

ఇవన్ని వచ్చినంక వరుస కట్టు. మ్యాట్ ఎత్తు కొస పక్కన నేల మీద ఒంటికాలి నిలుపు, మ్యాట్ ఎక్కి గొంతుకూచొనుడు, ఒక పల్టీ, చేతులు ఆనకుంట లేచి 2 సెకన్లు నిలబడుడు, కిందికి దిగి నేల మీద వెనుకకాలు చాపుడు. వరుసల పల్టీ ఒక్కటే పెట్టు. రెండు పెడితె కండ్లు తిరుగుతయ్, ఆ తిరుగుడుతోని ఒంటికాలు మీద ఎవరు నిలబడ్తరు. లేచినంక ఆ 2 సెకన్లు గోడ చుక్కను చూసే టైమ్ అది, కొందరు దాన్ని మింగేసి ఉరుకుతరు, ఉరికేటోళ్లే దిగేకాడ కాలు మలుపుకుంటరు.

ఈ మ్యాట్ల మీద వెనుక పల్టీ, శీర్షాసనం, సర్వాంగాసనం, ఉరికొచ్చి దుమికే పల్టీ వద్దు, ఎవడెంత బతిలాడినా వద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు డాక్టర్ చూసి ఒప్పుకోంది పల్టీ చెప్పకు, మెడల పైన ఉండే రెండు బొక్కల మధ్య పట్టు వదులుగ ఉండొచ్చు వాళ్లకు. వాళ్లను బ్యాలెన్స్ జట్టుల పెట్టు. మధ్యాహ్నం అన్నం తిన్నంక మొదటి పీరియడ్ నీదే అన్నవ్ కదా, హెడ్ మాస్టర్‌ను అడిగి దాన్ని పొద్దటికి మార్పిచ్చుకో. మార్చకపోతె ఆ దినం పల్టీ లేదు, ఉత్త బ్యాలెన్సే.

మ్యాట్లు గుంజుకుంట తీస్కపోనియ్యకు, నాలుగు మూలల నలుగురు పట్టి లేపాలె. ఆ చినుగులు సగం గుంజుట్లనే వచ్చినయ్. దరి కొలత తీసుకొని నాకు చెప్పు, కొత్తవాడ దిక్కు పోయినప్పుడు అడుగుత.

మీ పాత పీఈటీ సార్