టెక్ సందేహాలు: పీ-వాల్యూ 0.041 వచ్చింది, 96 శాతం ఖాయమేనా?

*మాది పచ్చళ్లు అమ్మే వెబ్‌సైట్. పాత పేజీ (ఏ), ఫొటో పెద్దది చేసి ఆర్డర్ బటన్ పైకి తెచ్చిన కొత్త పేజీ (బీ) సగం సగం మందికి చూపించాం. రోజూ ఫలితం చూస్తూ, 8వ రోజు పీ-వాల్యూ 0.041 కాగానే ఆపేశాం. ఏలో 5,000 మందికి 200 ఆర్డర్లు, బీలో 5,000 మందికి 242. "బీ మంచిదనడానికి 96 శాతం ఖాయం" అంటున్నాడు మా డెవలపర్. పేజీ మార్చేయమంటారా?*

ఇప్పుడే వద్దు. ముందుగా ఆ 96 సంగతి చూద్దాం.

పేజీ ఏదైనా కొనేవాళ్లు కొంటారు, కొననివాళ్లు కొనరు, లేఅవుట్‌తో సంబంధమే లేదు అనుకోండి. 10,000 చీటీలు రాసి, వాటిలో 442 మీద 'ఆర్డర్' అని గుర్తు పెట్టి, బాగా కలిపి, రెండు కుప్పలుగా పంచండి. కేవలం పంపకం వల్లే ఒక కుప్పలో ఆర్డర్లు ఎక్కువ పడతాయి, ఇంకో దాంట్లో తక్కువ. ఇలా వంద సార్లు పంచితే సుమారు 4 సార్లు తేడా 42 గానీ అంతకు మించి గానీ వస్తుంది, ఏ కుప్ప వైపైనా సరే. 0.041 చెప్పేది అంతే. లెక్క మీరే సరిచూసుకోవచ్చు. తేడా 0.84 శాతం పాయింట్లు. కేవలం పంపకం వల్ల ఆ తేడా ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే ప్రామాణిక దోషం 0.411. భాగిస్తే 2.043 వస్తుంది. షీట్‌లో ఇది వేయండి:

```
=2*(1-NORM.S.DIST(2.043,TRUE))
```

'తేడా లేదు' అని ముందే ఒప్పుకుని చేసిన లెక్క ఇది. కాబట్టి 'తేడా ఉండే అవకాశం ఎంత' అన్న ప్రశ్నకు దీన్లో జవాబు దొరకదు. మీ డెవలపర్ ఆ రెంటినీ తిరగేశారు. ఎంత తప్పుతుందో చూడండి: వంద రకాల మార్పులు పరీక్షిస్తే నిజంగా పనిచేసేవి 10 అనుకుందాం. తగినంత మందితో నడిపితే వాటిలో 8 దాకా దొరుకుతాయి. పనిచేయని 90లో కూడా 4 లేదా 5 మార్పులకు యాదృచ్ఛికంగా 0.05 కంటే తక్కువ వస్తుంది. అంటే తేడా ఉందని చూపించిన పన్నెండు పదమూడింటిలో మూడో వంతుకు పైగా ఉత్తవి. 96 శాతం ఎక్కడ, ఇది ఎక్కడ!

దీనికన్నా పెద్ద చిక్కు మీరు రోజూ చూడడంలో ఉంది. 0.05 హద్దు పెట్టుకుంటే, అసలు తేడా లేనప్పుడు మోసపోయే అవకాశం 5 శాతమనేది చివర్లో ఒక్కసారి చూసేవాళ్లకే. సమాన వ్యవధుల్లో 5 సార్లు చూసి, 0.05 కిందికి రాగానే ఆపేస్తే ఆ అవకాశం 14 శాతం అవుతుంది, 10 సార్లయితే 19. మీరు 8 సార్లు చూశారు కనుక ఆ మధ్యలో ఉన్నారు. టాసు ఓడిన ప్రతిసారీ 'ఇంకోటి వేద్దాం' అని, గెలవగానే ఆట ముగించినట్టు. తెర మీది 0.041కి మీరు ఎన్నిసార్లు చూశారో తెలియదు.

ఇక తేడా పరిమాణం. 4 శాతం 4.84 అయింది కదా, అమ్మకాలు 21 శాతం పెరిగాయని లెక్క కట్టేసుకోకండి. అదే డేటాకు 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు తేడా ఉండగల పరిధి, 0.03 నుంచి 1.65 శాతం పాయింట్ల దాకా ఉంది. కింది అంచు నిజమైతే పదివేల మందికి పెరిగేది మూడు ఆర్డర్లు. పైగా అంకె హద్దు దాటిన క్షణాన ఆపితే కనబడే తేడా సాధారణంగా అసలుకన్నా పెద్దదిగా ఉంటుంది, ఎందుకంటే బీకి బాగా కలిసొచ్చిన రోజునే మీరు ఆపారు.

ఈ 10,000 మంది లెక్క పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టండి. 4 శాతం నుంచి 4.8కి పెరిగితే చాలు, దాన్ని 80 శాతం సందర్భాల్లో పట్టుకోవాలి అనుకుంటే ఒక్కో పేజీకి దాదాపు 10,300 మంది కావాలి. మీరు ఆపింది దాంట్లో సగం దగ్గర. మీకు రోజుకు 1,250 మంది వస్తున్నారు కాబట్టి 17 రోజులు పడుతుంది, దాన్ని 21 చేయండి. ఆదివారం కొనే తీరు, మంగళవారం కొనే తీరు ఒకటి కావు, వారాలు పూర్తిగా రావాలి. ఈలోగా బటన్ పనిచేస్తోందా, జనం సగం సగం వెళ్తున్నారా అని రోజూ చూడండి, పీ-వాల్యూ మాత్రం 21వ రోజు దాకా తెరవకండి. ఆగలేమంటే మీ టూల్‌లో సీక్వెన్షియల్ టెస్టింగ్ ఉందేమో చూడండి. మధ్యలో చూడడాన్ని లెక్కలో కలిపేది అదే.

21వ రోజు 0.20 వచ్చిందనుకోండి, 'రెండు పేజీలూ ఒకటే' అని రాసుకోకండి. అప్పుడూ విశ్వాస అంతరమే చూడాలి. అది సున్నా దగ్గర బాగా ఇరుకుగా ఉంటే చెప్పుకోదగ్గ తేడా లేనట్టే. -0.2 నుంచి 0.9 దాకా ఉంటే మాత్రం ఈ డేటాతో తేలలేదని అర్థం.